మీ 40 పేపర్లు మీ చేతికి ఎలా వచ్చాయి?

*మేడమ్ గారికి నమస్కారం. నేను ఫార్మసీలో పీహెచ్‌డీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మోకీళ్ల అరుగుదల నొప్పికి పసుపులోని కర్క్యుమిన్ పనిచేస్తుందా అన్నదాని మీద 40 పేపర్లు చదివి ఒక రివ్యూ రాశాను. జర్నల్ వాళ్లు "ఇది నేరేటివ్ రివ్యూ, సెలక్షన్ బయాస్ ఉంది" అని తిప్పి పంపారు. నేను ఏ పేపరూ కల్పించలేదు, అన్నీ మంచి జర్నళ్లలో వచ్చినవే. మరి బయాస్ ఎక్కడినుంచి వచ్చింది? టైటిల్లో "సిస్టమాటిక్" అని చేర్చి ఇంకో జర్నల్‌కి పంపేయమని సీనియర్లు అంటున్నారు. పంపేయనా?*

*— ఒక రీసెర్చ్ స్కాలర్, గుంటూరు*

పంపకండమ్మా. టైటిల్లో ఆ మాట కనబడగానే రివ్యూయర్ మొదట వెతికేది ఒక్క పేరా కోసం. ఏ డేటాబేస్‌లో వెతికారు, ఏ తేదీన వెతికారు, ఏ మాటలు టైప్ చేశారు, ఎన్ని వచ్చాయి, అందులో ఎన్నింటిని ఎందుకు తీసేశారు అని చెప్పే పేరా అది. మీ దగ్గర అది లేదు. ఇప్పుడు కూర్చుని రాస్తే అది జరగని పనిని జరిగినట్టు రాయడమే అవుతుంది. మీరు ఏ పేపరూ కల్పించలేదన్నారు, ఆ మాట నేను నమ్ముతున్నాను. ఈ ఒక్క పేరా కూడా కల్పించకండి.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఈ రెండు రకాలకూ తేడా పేపర్ల సంఖ్యలో లేదు. 12 పేపర్లతో సిస్టమాటిక్ రివ్యూ ఉండవచ్చు, 300 పేపర్లతో నేరేటివ్ రివ్యూ ఉండవచ్చు. లెక్కలు కలపడంలో కూడా లేదు. మెటా అనాలిసిస్ అన్నది ఫలితాలను కలిపే పద్ధతి, అంతే. తేడా ఉన్నది ఎంపికలో. నేరేటివ్ రివ్యూలో ఏ పేపరు లోపలికి రావాలో రాసేవాళ్లే అప్పటికప్పుడు నిర్ణయించుకుంటారు. సిస్టమాటిక్ రివ్యూలో పేపర్లు చూడకముందే ఒక నియమం రాసి పెట్టుకుంటారు, ఆ తర్వాత ఆ నియమమే నిర్ణయిస్తుంది. మీరు రాసింది పట్టుకుని మీ ముఖం కూడా చూడని ఇంకో మనిషి అదే పని చేస్తే, అవే పేపర్లు అతని బల్ల మీదికి రావాలి.

సెలక్షన్ బయాస్ అంటే అబద్ధపు పేపర్లు పెట్టడం అని చాలామంది అనుకుంటారు. అందుకే మీకు ఆ మాట నిందలా వినిపించింది. ఒక్కటి కూడా అబద్ధం లేకుండా, అన్నీ నిజమైన పేపర్లతోనే తప్పు జవాబుకు చేరవచ్చు. దీనికి నేను క్లాసులో ఎప్పుడూ చెప్పే కేసు ఒకటుంది, విటమిన్ సి, జలుబు కేసు.

లైనస్ పాలింగ్ చిన్న మనిషి కాదు. 1954లో రసాయన శాస్త్రంలో నోబెల్, 1962 సంవత్సరానికి శాంతి నోబెల్ అందుకున్నవాడు. రోజూ ఎక్కువ మోతాదులో విటమిన్ సి వేసుకుంటే జలుబు రాదని ఆయన గట్టిగా నమ్మాడు. 1970లో దాని మీద పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది నాలుగు ట్రయల్స్‌ని కలిపి ఒక పేపరు రాశాడు. ఆ నాలుగింటిలో ఆయన ఎక్కువ బరువు ఇచ్చింది 1961లో రిట్జెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో చేసిన ట్రయల్‌కి. రోజుకు ఒక గ్రాము విటమిన్ సి ఇచ్చిన 139 మందిలో 17 మందికి జలుబు వచ్చింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 140 మందిలో 31 మందికి వచ్చింది. అంటే జలుబులు దాదాపు 45 శాతం తగ్గాయి. ప్లాసిబోతో పోల్చి చేసిన మంచి ట్రయలే, ఫలితమూ నిజమే.

ఆ 279 మంది ఎవరో చూడండి. ఆల్ప్స్ కొండల్లో మంచు మీద స్కీయింగ్ క్యాంపుకు వెళ్లిన పిల్లలు.

చాలా ఏళ్ల తర్వాత, వైద్యంలో సిస్టమాటిక్ రివ్యూలు చేసే కోక్రేన్ సంస్థ వాళ్లు ఇదే ప్రశ్న మీద దొరికిన ట్రయల్స్ అన్నీ వెతికి పట్టుకున్నారు. 2013 నాటి రివ్యూ ప్రకారం, విటమిన్ సి రోజూ వేసుకుంటే జలుబు రాకుండా ఉంటుందా అన్నదానికి 29 పోలికలు, 11,306 మంది దొరికారు. వీళ్లలో మామూలు జనం మీద చేసినవి 24, అందులో 10,708 మంది. వాళ్లలో జలుబు వచ్చే అవకాశం 3 శాతం తగ్గినట్టు కనబడింది, అంటే తేడా లేనట్టే. మిగిలిన ఐదు ట్రయల్స్‌లో ఉన్నది 598 మంది. మారథాన్ పరుగు వాళ్లు, స్కీయింగ్ చేసేవాళ్లు, గడ్డకట్టే చలిలో శిక్షణ చేసిన సైనికులు. వీళ్లలో మాత్రం జలుబు సగానికి తగ్గింది. రిట్జెల్ ట్రయల్ ఈ ఐదింటిలో ఒకటి.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో చూడండి. ట్రయల్ తప్పు కాదు, అంకెలు తప్పు కాదు, పాలింగ్ దేన్నీ మార్చలేదు. మొత్తం సాక్ష్యంలో విడిగా నిలబడే ఒక మూల నుంచి ఒక ట్రయల్‌ని తెచ్చి, దాన్ని మనందరికీ వర్తింపజేశాడు. ఆ రోజుల్లో ఆయన రాసింది చదివిన పాఠకుడికి మిగతా ట్రయల్స్ ఏం చెబుతున్నాయో తెలిసే దారి లేదు. ఆ పేజీ మీద బయాస్ కనబడదు. అక్కడ లేని వాటిలో దాక్కుని ఉంది.

కథ అక్కడితో అయిపోలేదు. 1986లో పాలింగ్ ఇంకో పుస్తకం రాశాడు. అందులో 30కి పైగా ట్రయల్స్ ప్రస్తావించాడు. చదివితే ఇంకేం కావాలి అనిపిస్తుంది. తర్వాత పాల్ క్నిప్‌షిల్డ్ అనే డచ్ ఎపిడెమియాలజిస్టు తన బృందంతో కూర్చుని, దొరికినంత వరకు అన్నిటినీ వెతికాడు. 61 ట్రయల్స్ దొరికాయి. వాటిని పద్ధతి బట్టి, అంటే ఫలితం బట్టి కాకుండా ట్రయల్ ఎంత జాగ్రత్తగా చేశారన్నదాన్ని బట్టి మార్కులు వేసి వరుసలో పెడితే, నికరంగా నిలబడేవి 15 అని తేలింది. ఆ 15లో ఐదింటి ఊసే పాలింగ్ పుస్తకంలో లేదు. ఇంకో రెండింటిని పైపైన ఒక మాట అని వదిలేశాడు. అన్నీ కలిపి చూస్తే జలుబు రాకుండా విటమిన్ సి ఆపలేదు, మహా అయితే వచ్చిన జలుబు కాస్త త్వరగా తగ్గవచ్చు అన్నది క్నిప్‌షిల్డ్ చెప్పిన మాట. కోక్రేన్ రివ్యూ కూడా అదే దారిలో ఉంది. రోజూ వేసుకునే పెద్దల్లో జలుబు రోజులు 8 శాతం తగ్గాయి. వారం ఉండే జలుబులో అది సుమారు అర రోజు.

ఆ "పైపైన ఒక మాట" దగ్గర కాసేపు ఆగండి. బయాస్ అంటే పేపరు ఉండటం, లేకపోవడం మాత్రమే అనుకుంటాం. ఒక పేపరుకు ఒక పేజీ ఇచ్చి, ఇంకోదానికి "అయితే ఒక అధ్యయనంలో తేడా కనబడలేదు" అని అర వాక్యం ఇస్తే, రెండూ రిఫరెన్సుల జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. లెక్క చూసేవాళ్లకు రెండూ ఉన్నట్టే. చదివేవాళ్లకు మాత్రం ఒకటే గుర్తుంటుంది. మీ డ్రాఫ్ట్ ప్రింటు తీసి, ఒక్కో పేపరుకు ఎన్ని లైన్లు ఇచ్చారో పెన్సిల్‌తో అంకె వేయండి. మందు పనిచేసిందన్న పేపర్లకు సగటున ఎన్ని లైన్లు, తేడా లేదన్న వాటికి ఎన్ని లైన్లు వచ్చాయో చూస్తే మీకే అర్థమవుతుంది.

ఇది నేను ఇతరుల గురించే చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక రివ్యూ రాశాను. కొన్నేళ్ల తర్వాత అప్పటి నోట్సు దొరికితే చదివాను. నేను ఆశించిన ఫలితం వచ్చిన ఒక పేపరు పక్కన "శాంపిల్ చిన్నదే కానీ జాగ్రత్తగా చేశారు" అని ఉంది. రెండు పేజీల తర్వాత, ఆశించని ఫలితం వచ్చిన ఇంకో పేపరు పక్కన "శాంపిల్ చిన్నది, తీసుకోనక్కర్లేదు" అని ఉంది. రెండింటిలోనూ రోగుల సంఖ్య ఇంచుమించు ఒకటే. చేతిరాత నాదే. ఆ రోజు నేను ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. ఫలితం ముందే చూసేశాక, లోపాలు ఒకవైపే కళ్లకు కనబడ్డాయి. సిస్టమాటిక్ రివ్యూలో ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా పేపర్లు జల్లెడ పట్టడం, తర్వాత తేడాలు వచ్చిన చోట కూర్చుని తేల్చుకోవడం ఇందుకే పెట్టారు.

పేపరు మీ దాకా వచ్చే దారి ఇంకో చోటు. మీ 40 ఎలా వచ్చాయో నేను ఊహించగలను. కొన్ని గైడు గారు ఇచ్చి ఉంటారు. ఒక మంచి పేపరు దొరికితే దాని చివర ఉన్న రిఫరెన్సులు పట్టుకుని ఇంకొన్నింటికి వెళ్లి ఉంటారు. కొన్నింటికి డబ్బు కట్టాలంటే, పబ్‌మెడ్ డేటాబేస్‌లో పక్కన ఉండే `Free full text` మీద టిక్కు పెట్టి ఉంటారు. ఇవేవీ తప్పుడు పనులు కావు, మనందరం చదువుకునేది అలాగే. కానీ ప్రతి దారికీ ఒక వాలు ఉంది. రిఫరెన్సులు పట్టుకుని వెళ్లేటప్పుడు, ముందు రాసినవాళ్లు ఎవరిని ఉదహరించారో వాళ్లే మీకు దొరుకుతారు. మందు పనిచేసింది అన్న పేపర్లను జనం ఎక్కువగా ఉదహరిస్తారు. ఒక పేపరు నుంచి ఇంకోదానికి వెళ్లినకొద్దీ ఒకే గుంపులో తిరుగుతుంటారు, కానీ బయటికి మాత్రం "ఎక్కడ చూసినా ఇదే మాట" అనిపిస్తుంది.

మీ దగ్గర ఇది ఎంత ఉందో తెలుసుకోవడానికి ఒక పూట చాలు. ఎక్సెల్‌లో 40 పేపర్లకు 40 వరుసలు పెట్టండి. మూడు కాలమ్‌లు చాలు. నా చేతికి ఎలా వచ్చింది, దేనితో పోల్చారు, ఫలితం ఎటు ఉంది. మొదటి కాలమ్‌లో "గైడు ఇచ్చారు", "ఫలానా పేపరు రిఫరెన్సు", "సెర్చ్‌లో దొరికింది" అని నిజం రాయండి. గుర్తులేకపోతే గుర్తులేదనే రాయండి. ఆ "గుర్తులేదు"లు పదికి మించితే జర్నల్ వాళ్ల మాట సరైనదే. తర్వాత పబ్‌మెడ్ తెరిచి, ఏ టిక్కూ పెట్టకుండా ఇది టైప్ చేయండి.

```
(curcumin OR turmeric OR curcuma) AND
(osteoarthritis OR "knee pain") AND
(randomized OR randomised OR placebo)
```

వచ్చినవాటిలో మోకీళ్ల నొప్పి మీద మనుషుల్లో చేసిన ట్రయల్స్ మాత్రం ఏరి, మీ 40లో లేనివి ఎన్నో చూడండి. కొన్ని లేకపోవడం సహజం. చూడాల్సింది వాటి ఫలితాలు ఎటు ఉన్నాయన్నది. మీ జాబితాలో ఉన్నవి, లేనివి రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటే మీ ఎంపికకు వాలు తక్కువ. లేనివాటిలో "తేడా లేదు" అన్నవే ఎక్కువగా ఉంటే, సెలక్షన్ బయాస్ అన్న మాటకు అర్థం మీ కంప్యూటర్ తెర మీదే కనబడుతుంది. ఆ షీటు మీ గైడు గారికి కూడా చూపించండి, మాటలతో చెప్పే పని ఉండదు.

రెండో కాలమ్ ఎందుకంటే, మీ విషయంలో అసలు చిక్కు అక్కడుంది. కర్క్యుమిన్ ట్రయల్స్ అన్నీ ఒకే ప్రశ్న అడగవు. కొన్ని ఉత్తుత్తి మాత్రతో పోలుస్తాయి. కొన్ని నొప్పి మాత్రతో పోలుస్తాయి. ఉదాహరణకు థాయ్‌లాండ్‌లో చేసి 2014లో ప్రచురించిన ఒక ట్రయల్ పసుపు ఎక్స్‌ట్రాక్ట్‌ని ఇబుప్రొఫెన్‌తో పోల్చింది. నొప్పి మాత్రతో సమానంగా ఉందన్న ఫలితాన్ని, ఉత్తుత్తి మాత్ర కన్నా బాగుందన్న ఫలితాన్ని ఒకే గంపలో వేసి "40లో 29 అనుకూలం" అని లెక్క కట్టకూడదు. మోతాదు, మిరియాల్లోని పైపెరిన్ కలిపారా లేదా, ఎన్ని వారాలు ఇచ్చారు అన్నవి కూడా వేరువేరు. ఇవి ఏవి తీసుకోవాలో ఫలితాలు చూసి తేల్చుకుంటే, విటమిన్ సి కథలో మంచు కొండ మీది పిల్లలు మీ రివ్యూలోకి కూడా ఇంకో వేషంలో వస్తారు. ముందే రాసి పెట్టుకోవాల్సినవి ఇవే. ఎవరిలో, ఏ రూపంలో ఇచ్చారు, దేనితో పోల్చారు, ఏ స్కోరుతో కొలిచారు, కనీసం ఎన్ని వారాలు.

సరే, ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి.

ఒకటి, దీన్ని నేరేటివ్ రివ్యూగానే, ఆ పేరుతోనే బాగుచేయడం. అందులో చిన్నతనం ఏమీ లేదు. కర్క్యుమిన్ వాపును ఏ దారిలో తగ్గిస్తుంది, ఒంటికి ఎందుకు సరిగ్గా పట్టదు, దానికి కంపెనీలు ఏమేం చేశాయి అన్నది కథగా చెప్పాల్సిన విషయమే, దానికి నేరేటివ్ రివ్యూనే తగింది. "పనిచేస్తుందా, ఎంత" అన్న ప్రశ్నకు మాత్రం అది తగదు. కాబట్టి ఆ ప్రశ్నను వదిలేసి, ముగింపులో మోతాదుల సలహాలు తీసేసి, ఎలా వెతికారో నాలుగు వాక్యాల్లో ఉన్నదున్నట్టు రాయండి. 1987లో సింథియా మల్రో పెద్ద వైద్య జర్నళ్లలో వచ్చిన 50 రివ్యూలను పరిశీలిస్తే, సమాచారాన్ని ఎలా వెతికి ఎంచుకున్నారో స్పష్టంగా చెప్పింది ఒకే ఒక్కటి. ఇప్పుడు రివ్యూయర్లు ఆ నాలుగు వాక్యాలు అడుగుతున్నది అప్పటినుంచి మొదలైన మార్పు వల్లే.

రెండోది, సిస్టమాటిక్ రివ్యూ మొదటినుంచి చేయడం. దీనికి మీరొక్కరూ చాలరు, కనీసం ఇంకొకరు కావాలి. ముందు ప్రొటోకాల్, అంటే నియమాలన్నీ ముందే రాసిన ప్రణాళిక, రాసి దాన్ని సిస్టమాటిక్ రివ్యూలు నమోదు చేసే ప్రాస్పెరో వెబ్‌సైటులో రిజిస్టర్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. పబ్‌మెడ్ ఒక్కటే కాకుండా ఇంకో డేటాబేస్ అయినా చూడండి, స్కోపస్‌కి మీ యూనివర్సిటీ లైబ్రరీలో లాగిన్ ఉంటుందేమో అడగండి. పసుపు మీద మన దేశంలో జరిగిన ట్రయల్స్‌ని, ఇక్కడి క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ రిజిస్ట్రీలో వెతకండి. 2009 జూన్ 15 నుంచి ఇక్కడ క్లినికల్ ట్రయల్స్ అక్కడ రిజిస్టర్ చేయడం తప్పనిసరి చేశారు. రిజిస్టర్ అయి, ఏళ్లు గడిచినా పేపరుగా రానివి కనబడితే వాటి సంఖ్య రాయండి. పూర్తిగా చదివి తీసేసిన ప్రతి పేపరుకూ కారణం ఒక లైనులో రాసి జతచేయండి. నన్నడిగితే ఒక సిస్టమాటిక్ రివ్యూలో నేను మొదట తెరిచేది ఆ తీసేసిన వాటి జాబితానే.

మీకు ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచకండి. మీరు ఇప్పటికే 40 పేపర్ల ఫలితాలు చదివేశారు. ఇప్పుడు మీరు రాసే నియమం "చూడకముందు" రాసినది కాదు. "కనీసం ఎనిమిది వారాలు" అని రాస్తే, ఆరు వారాల ట్రయల్ ఏది బయటికి పోతుందో మీకు తెలుసు. అందుకని నియమాలు మీ విషయం తెలిసిన, కానీ ఆ పేపర్లు చదవని ఒక రుమటాలజీ లేదా ఆర్థోపెడిక్ డాక్టరు గారితో కూర్చుని, రోగికి ఏది ముఖ్యమో అడిగి రాయించండి. మొదటి జల్లెడ మీతోపాటు ఇంకో స్కాలర్ కూడా విడిగా పట్టాలి. ప్రొటోకాల్‌లో "ఈ విషయం మీద ముందే ఒక నేరేటివ్ రివ్యూ రాశాం" అని ఒక వాక్యం రాయండి. రివ్యూయర్లు దాన్ని తప్పుగా చూడరు.

ఇంత చేసినా చేతికి అందనిది ఒకటుంటుంది. అసలు ప్రచురణే కానివి. దీనికి 2008లో ఎరిక్ టర్నర్ బృందం రాసిన డిప్రెషన్ మందుల లెక్క చూడండి. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దగ్గర 12 మందుల మీద 74 ట్రయల్స్ నమోదై ఉన్నాయి. మందు పనిచేసిందని ఎఫ్‌డీఏ భావించినవి 38, అందులో 37 జర్నళ్లలో వచ్చాయి. పనిచేయలేదు లేదా సందేహమే అన్నవి 36. వాటిలో 22 ఎక్కడా రాలేదు, 11 పనిచేసినట్టు కనబడేలా రాశారు, ఉన్నదున్నట్టు వచ్చినవి 3. జర్నళ్లు మాత్రమే వెతికినవాళ్లకు దొరికేది 51, అందులో 48 మందును మెచ్చుకునేవే. ఎంత నియమంగా వెతికినా, ఇద్దరు కాదు పదిమంది జల్లెడ పట్టినా, ఆ 22 రావు. సిస్టమాటిక్ రివ్యూ అన్న పేరుకు కూడా ఈ హద్దు ఉంది. పసుపు మాత్రల ట్రయల్స్‌లో ఆ మాత్రలు తయారుచేసే కంపెనీలే ఖర్చు పెట్టినవి ఉంటాయి కాబట్టి, మీ షీటులో నాలుగో కాలమ్‌గా "ఖర్చు ఎవరిది" అని చేర్చుకోండి.

మీ థీసిస్‌కు ఇంకా ఏడాదిన్నర టైమ్ ఉంటే రెండో దారి పట్టండి. టైమ్ లేకపోతే మొదటిదే చేయండి, ఆ టెన్షన్‌లో రెండోది సగంలో ఆగిపోతుంది. ఏది చేసినా ముందు ఆ 40 వరుసల షీటు పూర్తి చేయండి. తిప్పి పంపిన జర్నల్‌కే మళ్లీ పంపేటట్టయితే, కవరింగ్ లెటర్‌లో ఈ ఒక్క సంగతి రాయండి: ఎన్ని పేపర్లు సెర్చ్‌లో దొరికాయి, ఎన్ని రిఫరెన్సుల ద్వారా వచ్చాయి, మొదటిసారి మా కంటపడనివి ఎన్ని, వాటిని చేర్చాక మా ముగింపులో ఏం మారింది.